ముత్తాత గారి పుస్తకం మీద MDCCCXCIV: నా కూడిక 1916, ఆయన సంతకం 1902

అలమర_వారసుడు

నమస్కారం. ఊళ్లో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అలమర అడుగున మా ముత్తాత గారి ఇంగ్లీషు వైద్య పుస్తకం దొరికింది. ఆయన ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసేవారు. లండనులో అచ్చయిన పుస్తకం. పేరు ఉన్న పుటలో అడుగున సంవత్సరం మామూలు అంకెల్లో లేదు, MDCCCXCIV అని ఉంది. బడిలో నేర్చుకున్న విలువలు నాకు గుర్తున్నాయి. I ఒకటి, V ఐదు, X పది, L యాభై, C వంద, D ఐదు వందలు, M వెయ్యి. ఎడమ నుంచి వరసగా కూడాను: 1000, 500, 300, 10, 100, 1, 5. మొత్తం 1916 వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, అట్ట లోపలి వైపు ముత్తాత గారి సంతకం ఉంది. దాని కింద ఆయన చేతిరాతలోనే 12-3-1902 అని తేదీ. 1916లో అచ్చయిన పుస్తకం మీద 1902లో సంతకం ఎలా పెడతారు?

ఇంకో సంగతి కూడా. ముందుమాట పుటలకు చిన్న అక్షరాలతో రోమన్ అంకెలు వేశారు. xxxviii పుట తర్వాత నేరుగా xli వస్తోంది. అంటే 38 తర్వాత 61. మధ్యలో ఇరవైకి పైగా పుటలు పోయినట్టే. పుస్తకం దొరికిందన్న సంతోషం సగం అక్కడే పోయింది.

గోదారిగట్టు

రోమన్‌లో రాసిన తెలుగు చదవడం నాకూ కష్టమేనండీ. మా పిల్లలు ఫోనులో అమెరికా నుంచి అలాగే రాస్తారు. "పాలు" అన్నారో "పళ్ళు" అన్నారో తెలియక మళ్లీ ఫోను చేయాల్సి వస్తుంది. తెలుగు కీబోర్డు పెట్టుకోమని చెప్పండి, అంతకంటే దారి లేదు.

అలమర_వారసుడు

గోదారిగట్టు గారూ, నేను అడిగింది రోమన్ లిపిలో తెలుగు గురించి కాదండీ, గడియారాల మీద ఉండే రోమన్ అంకెల గురించి. నా ప్రశ్నలో ఆ మాట సరిగ్గా పెట్టలేదు, మన్నించండి.

చకచకా_లెక్క

ఇది చాలా సులువు. పెద్ద అక్షరం ముందు చిన్న అక్షరం కూర్చుంటే చిన్నదాన్ని తీసేయాలి. మీరు దాన్ని కూడారు, తేడా అక్కడే వచ్చింది. C ముందు X ఉంది, కాబట్టి వందలోంచి పది తీస్తే 90. V ముందు I ఉంది, కాబట్టి నాలుగు. 1000, 800, 90, 4. మీ పుస్తకం 1894 నాటిది. ముత్తాత గారి సంతకానికి ఎనిమిదేళ్ల ముందు.

ఈ ఒక్క సూత్రం చాలు, ఏ సంఖ్యనైనా రాసేయవచ్చు. 99 అంటే వంద ముందు ఒకటి, IC. 1999 అంటే రెండు వేల ముందు ఒకటి, MIM. మూడు అక్షరాల్లో అయిపోతుంది. బళ్లలో ఎందుకు అంత పొడుగ్గా నేర్పిస్తారో నాకు అర్థం కాదు.

అలమర_వారసుడు

అమ్మయ్య! 1894 అయితే అంతా సరిపోయింది. ఇప్పుడే కాగితం మీద మళ్లీ చూశాను. నేను కూడిన 1916కీ, మీరు చెప్పిన 1894కీ తేడా 22. తీసేయవలసిన పదిని కూడాను కాబట్టి 20 ఎక్కువైంది, తీసేయవలసిన ఒకటిని కూడాను కాబట్టి ఇంకో 2. తప్పు చదివినప్పుడల్లా తేడా ఆ చిన్న అక్షరానికి రెట్టింపు వస్తుందన్నమాట.

నల్లబల్ల_మాస్టారు

మీ తేడా లెక్క నాకు బాగా నచ్చింది. పదకొండేళ్ల పిల్లలకు పదిహేడేళ్లుగా ఇదే చెబుతున్నాను కాబట్టి చకచకా గారి జవాబులో రెండో భాగం గురించి మాట్లాడక తప్పదు. ఆయన 1894 అని చదవడం సరైనదే. కానీ IC, MIM తప్పు. నా తరగతిలో ఏటా కనీసం నలుగురైదుగురు పిల్లలు ఈ రెండూ రాస్తారు. కొట్టేసి ఎర్రసిరాతో సరిచేసినంత మాత్రాన వాళ్లకు తెలియదు. ఎందుకు తప్పో చూపించాలి.

రోమన్ అంకెల్లో సున్నా లేదు, కానీ స్థానాలు ఉన్నాయి. రాసేటప్పుడు వేలు, వందలు, పదులు, ఒకట్లు విడివిడిగా రాసి పక్కపక్కన పెడతాం. ఒకట్ల స్థానానికి మూడు అక్షరాలే పని చేస్తాయి: I, V, X. పదుల స్థానానికి X, L, C. వందల స్థానానికి C, D, M. ఒకట్లలో నాలుగు IV అయితే, పదుల్లో నలభై అదే వరసలో XL, వందల్లో నాలుగు వందలు CD. తొమ్మిది IX, తొంభై XC, తొమ్మిది వందలు CM. ఒకే పాటను మూడు శ్రుతుల్లో పాడినట్టు. తీసివేత జంటలు ఈ ఆరే, ఏడోది లేదు.

ఇప్పుడు 1999 రాద్దాం. వెయ్యి M. తొమ్మిది వందలు CM. తొంభై XC. తొమ్మిది IX. నాలుగు ముక్కలూ కలిపితే MCMXCIX. MIM అన్నప్పుడు ఒకట్ల స్థానంలో ఉండవలసిన I ఎగిరి వేల స్థానానికి వెళ్లింది. పదులు, వందలు ఎక్కడున్నాయో చెప్పమంటే చెప్పలేం.

చదివేటప్పుడు నేను పిల్లలచేత ముందు ఆ ఆరు జంటల్లో ఏవి ఉన్నాయో వెతికించి, పెన్సిలుతో చుట్టిస్తాను. మీ పుస్తకం మీద XC చుట్టండి, IV చుట్టండి. మిగిలింది M, DCCC. ఇక అన్నీ కూడికలే.

చకచకా_లెక్క

మాస్టారూ, మీ పట్టిక అందంగానే ఉంది. కానీ MIM చూసి 1999 అని అందరూ చదవగలరు కదా? అర్థమైనప్పుడు తప్పెలా అవుతుంది?

నేను చదివే పద్ధతి చెబుతాను. కుడి చివర నుంచి మొదలుపెట్టి ఎడమకు వస్తాను. ఇప్పటిదాకా చూసిన వాటిలో అతి పెద్ద అక్షరాన్ని గుర్తు పెట్టుకుంటాను. కొత్తగా వచ్చినది దానికంటే చిన్నదైతే తీసేస్తాను, లేకపోతే కలుపుతాను. MIM మీద ఇదే చేస్తే: 1000, అందులోంచి 1 తీస్తే 999, మళ్లీ 1000 కలిపితే 1999. ఎక్కడా తడబాటు లేదు.

నల్లబల్ల_మాస్టారు

చదవడానికి మీ పద్ధతి నిజంగా గట్టిదే, కాదనను. కానీ అది ఏది ఇచ్చినా చదివేస్తుంది. అందుకే తప్పును పట్టుకోలేదు. VX ఇచ్చినా 5 అంటుంది. ఐదుకు V ఉండగా VX ఎవరు రాస్తారు? V, L, D ఎప్పుడూ తీసివేతకు రావు. వాటిని రెట్టింపు చేస్తే వచ్చేవాటికి X, C, M ఉండనే ఉన్నాయి.

పిల్లలకు నేను చెప్పే పరీక్ష ఇది. చదివిన సంఖ్యను మళ్లీ స్థానాలవారీగా రోమన్‌లో రాయండి. మొదట ఇచ్చినది అచ్చు అలాగే తిరిగి వస్తే సరిగ్గా రాసినట్టు. 1894ను తిరిగి రాస్తే M, DCCC, XC, IV వస్తాయి, పుస్తకం మీదిదే. 1999ను తిరిగి రాస్తే MIM రాదు.

అంకెల_గుమాస్తా

నేను రోజంతా ఎక్సెల్‌లో పని చేస్తాను. అందులో దీనికి సూత్రాలు ఉన్నాయి, ఇలా కొట్టి చూడండి:

```
=ROMAN(1894)      MDCCCXCIV
=ARABIC("MDCCCXCIV")   1894
=ROMAN(499)       CDXCIX
=ROMAN(499,4)     ID
```

చివరి వరస చూడండి. పక్కన 4 అని పెడితే కుదించిన రూపం ఇస్తుంది. 499ని ID అంటుంది, ఐదు వందల ముందు ఒకటి. అంటే చకచకా గారి ఆలోచన ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకూ వచ్చింది. ఏమీ పెట్టకపోతే మాత్రం మాస్టారి రూపమే వస్తుంది. 3999 దాటితే ఇవ్వదు, తప్పు అని చూపిస్తుంది.

చకచకా_లెక్క

చూశారా మాస్టారూ!

నల్లబల్ల_మాస్టారు

చూశాను. ఎక్సెల్‌లో ఆ వీలు ఉందని తెలియదు, కొత్త సంగతి చెప్పారు. అయినా పుస్తకాల మీద, భవనాల మీద ఎవరైనా ID అని వేయగా నేను చూడలేదు. పిల్లవాడు పరీక్షలో రాస్తే మార్కు ఇవ్వను.

మేడమీద_మామ్మ

మాకు పెళ్లిలో ఒక గోడ గడియారం వచ్చింది. దాంట్లో నాలుగు గంటల దగ్గర IV అని కాకుండా IIII అని ఉంది. మా వారు అది తయారీలో లోపమని, దుకాణానికి తీసుకుపోయి గట్టిగా మాట్లాడి వచ్చారు. దుకాణంలో ఇంకో మూడు గడియారాలు తీసి చూపిస్తే వాటిలోనూ అలాగే ఉందట. మాట్లాడకుండా ఇంటికి తెచ్చి మళ్లీ తగిలించారు. నలభై ఏళ్లయింది, ఇప్పటికీ నడుస్తోంది. తొమ్మిది దగ్గర మాత్రం చక్కగా IX అనే ఉంది. మాస్టారి లెక్కన మా గడియారం తప్పా?

శాసనప్రియ

మామ్మగారూ, మీ గడియారం తప్పు కాదండీ. చాలా గడియారాల మీద IIII ఉంటుంది. లండనులోని బిగ్ బెన్ మీద మాత్రం IV వేశారు. కారణాలు చాలా చెబుతారు. ఎదురుగా ఉన్న VIII వెడల్పుకు IIII తూగుతుందని కొందరంటారు. I మాత్రమే ఉన్నవి నాలుగు, V ఉన్నవి నాలుగు, X ఉన్నవి నాలుగు అయి ముఖం మూడు సమభాగాలు అవుతుందని ఇంకొందరు. మొత్తం గడియారానికి ఇరవై I, నాలుగు V, నాలుగు X చాలు కాబట్టి పోత పోయడానికి అనుకూలమని మరికొందరు. వీటిలో ఏది అసలు కారణమో తేల్చే ఆధారం నాకు ఎదురు కాలేదు.

మాస్టారు చెప్పిన ఆరు జంటలు ఇప్పటి పద్ధతికి సరైనవి. కానీ రోమన్లు స్వయంగా అంత కట్టుదిట్టంగా రాయలేదు. రోములోని కొలోసియం ద్వారాల మీద చెక్కిన అంకెల్లో నాలుగును IIII అనే వేశారు, నలభైని మాత్రం XL అన్నారు. అందుకే 44వ ద్వారం మీద XLIIII అని ఉంది. ఒకే సంఖ్యలో సగం తీసివేత, సగం కూడిక!

నేను జర్మనీలో ఉంటాను. బాన్ నగరపు మ్యూజియంలో మార్కుస్ కేలియుస్ అనే రోమన్ సైనికాధికారి స్మారక శిల ఉంది. క్రీ.శ. 9లో వారుస్ నాయకత్వంలో మూడు దళాలు జర్మనీ అడవుల్లో తుడిచిపెట్టుకుపోయినప్పుడు చనిపోయినవాడు. ఆయన పద్ధెనిమిదో దళం వాడు. శిల మీద దళం సంఖ్యను XVIII అని కాకుండా XIIX అని చెక్కారు. మొదటిసారి చూసినప్పుడు చెక్కినవాడు తప్పు చేశాడనే అనుకున్నాను. తర్వాత తెలిసింది, లాటిన్‌లో పద్ధెనిమిదిని "ఇరవైకి రెండు తక్కువ" అనే అంటారు, డుయోడేవిగింటి. పంతొమ్మిది "ఇరవైకి ఒకటి తక్కువ". మన సంస్కృతంలో ఏకోనవింశతి లాంటిదే. చెక్కినవాడు నోటితో పలికినట్టే రాశాడు. మనం గడియారం చూసి "పావు తక్కువ ఐదు" అనడం లేదా?

చకచకా_లెక్క

శాసనప్రియ గారూ, ఇది చాలా బాగుంది. XIIX మీద నా పద్ధతి వేసి చూశాను. కుడి నుంచి 10, ఒకటి తీస్తే 9, ఇంకొకటి తీస్తే 8, చివరి X కలిపితే 18. సరిగ్గా వచ్చింది! పక్క అక్షరంతో మాత్రమే పోల్చి చూస్తే రాదు. మొదటి I పక్కన ఇంకో I ఉంది, అది పెద్దది కాదు కాబట్టి కలిపేస్తాం. 10, 1, తర్వాత 1 తీసివేత, 10. మొత్తం 20 వస్తుంది.

నల్లబల్ల_మాస్టారు

ఈ XIIX నాకూ తెలియదు. పక్క అక్షరంతోనే పోల్చమని నేనే చెబుతూ వచ్చాను, ఇకనుంచి మీ పద్ధతీ చెబుతాను. అయితే ఒక మాట. పిల్లవాడు జవాబు పత్రంలో IIII రాస్తే తప్పని కొట్టేయాలా, రోమన్లు అలాగే రాశారని ఒప్పుకోవాలా? నేను కొట్టేస్తాను. పాఠంలో నేర్పింది ఒకే పద్ధతి, అది వచ్చో రాదో చూడటానికే పరీక్ష.

శాసనప్రియ

నేనైతే కొట్టేయను. 4 విలువ పిల్లవాడికి తెలుసని IIII చెబుతోంది. VIV రాసి తొమ్మిది అంటే కొట్టేస్తాను, ఎందుకంటే అలా రాసినది నేను ఎక్కడా చూడలేదు. లండనులోని అడ్మిరల్టీ ఆర్చ్ మీద 1910 సంవత్సరాన్ని MDCCCCX అని చెక్కారు, MCMX అని కాదు. అంత పెద్ద కట్టడం మీద నాలుగు C లు నిలబడి ఉంటే, బడిపిల్లవాడి నాలుగు I లకు మార్కు ఎందుకు పోవాలి?

నల్లబల్ల_మాస్టారు

కట్టడానికి పరీక్ష పెట్టేవారు లేరండీ, పిల్లవాడికి ఉన్నారు. పెద్ద పరీక్షలో వేరేవాళ్లు దిద్దుతారు. అక్కడ వాడి మార్కు పోతే నా బాధ్యత. ఈ విషయంలో నేను మారను.

రాజ్యాంగ_పుటలు

నాకు పని దగ్గర ఒక చిక్కు ఉండేది, ఇక్కడ చెబుతాను. రాజ్యాంగం భాగాలకు రోమన్ అంకెలే. మన ఆంధ్ర, తెలంగాణలకు సంబంధించిన 371-డి అధికరణం XXI భాగంలో ఉంది, అంటే 21. కొత్తగా చేరినప్పుడు IVA అని ఒక భాగం చూసి, A విలువ ఎంతో తెలియక చాలాసేపు తల పట్టుకున్నాను. A రోమన్ అంకె కాదు. 1976లో 42వ సవరణతో ప్రాథమిక విధులను నాలుగో భాగం తర్వాత చేర్చి, మిగతా భాగాల వరస చెదరకుండా పక్కన A పెట్టారు. I, V, X, L, C, D, M కాక ఇంకేదైనా కనిపిస్తే దాన్ని లెక్కలోంచి పక్కన పెట్టండి.

అంకెల_గుమాస్తా

నాకో ప్రశ్న ఉంది. ఎక్సెల్ 3999 దగ్గర ఎందుకు ఆగిపోతుంది? 4000 రాయాలంటే ఎలా?

శాసనప్రియ

మాస్టారి పాటలో నాలుగు రాయాలంటే ఐదుకు ఒక అక్షరం ఉండాలి. ఒకట్లలో V, పదుల్లో L, వందల్లో D ఉన్నాయి. వేల స్థానంలో ఐదు వేలకు మామూలు అక్షరం లేదు. అందుకే MMM దాకా హాయిగా నడిచి అక్కడ ఆగుతుంది. MMMM అని రాసినవాళ్లు ఉన్నారు. అక్షరం నెత్తిన గీత గీసి వెయ్యి రెట్లు అనుకునే పద్ధతీ ఉంది, IV మీద గీత పెడితే నాలుగు వేలు. కానీ ఆ గీతతో జాగ్రత్త. అలంకారం కోసం, ఇది పదం కాదు సంఖ్య అని తెలపడం కోసం కూడా పైన గీత గీసేవారు. చుట్టూ ఉన్న మాటలు చూడకుండా గీత ఒక్కటి చూసి వెయ్యితో గుణించకూడదు.

నల్లబల్ల_మాస్టారు

మూడు వేలు దాటిన వాటిలో నేను పిల్లలకు ఇచ్చేది 3888. అన్నిటికంటే పొడవైనది అదే, MMMDCCCLXXXVIII, పదిహేను అక్షరాలు. దాని పక్కనే 3009 ఇస్తాను, MMMIX. సంఖ్య పెద్దదైనా అక్షరాలు ఐదే. వందలు, పదులు లేవు కాబట్టి ఆ స్థానాల్లో ఏమీ రాయం. అక్కడ ఖాళీ వదలాలా అని అడిగే పిల్లవాడికి అప్పుడు అర్థమవుతుంది.

మేడమీద_మామ్మ

మా వారికి ఇదంతా చదివి వినిపించాను. నాలుగు I ల గురించి విన్నాక, "అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే అంతదూరం నడిచేవాణ్ణి కాదు" అన్నారు. మనవరాలికి 3888 ఇచ్చాను, ఒక M తక్కువ రాసింది. వేళ్ల మీద లెక్కపెట్టమంటే తనే సరిచేసుకుంది.

అలమర_వారసుడు

అందరికీ కృతజ్ఞతలు. మీరు ద్వారాల గురించి మాట్లాడుతుంటే XL దగ్గర నా చూపు ఆగింది. నా ముందుమాట పుట xli. అందులో x, l ముందు ఉంది! యాభైలోంచి పది తీస్తే నలభై, తర్వాత i. అది 61 కాదు, 41. అంటే xxxviii తర్వాత పోయినవి xxxix, xl, ఈ రెండు పుటలే. ఈ పుస్తకంలో బేసి సంఖ్య కుడి వైపు పుట మీద, సరి సంఖ్య దాని వెనక ఉన్నాయి. 39కి వెనకే 40 వస్తుంది కాబట్టి పోయింది ఒకే ఒక్క కాగితం.

వెంటనే పుస్తకం తెరిచి కుట్టు దగ్గర చూశాను. xxxviii కీ xli కీ మధ్య, దారం పక్కన, వేలి గోరంత వెడల్పున చిరిగిన కాగితం అంచు నిలబడి ఉంది. ఒక్కటే ఉంది. దాని మీద ఊదా రంగు సిరా గీత ఒకటి పైకి పోతూ మధ్యలో తెగిపోయింది. అట్ట లోపలి సంతకంలోనూ అదే రంగు సిరా.